నీలం 27, నలుపు 104: లేని కొరత చూపించకుండా ఒక ఫ్లాష్ సేల్ క్యాప్షన్

గురువారం మధ్యాహ్నం ఒక చిన్న బ్యాగుల సంస్థ యజమాని నాకు క్యాప్షన్ ఒకటి పంపారు. మర్నాడు ఉదయం 10 గంటలకు ఫ్లాష్ సేల్ మొదలుపెడతారట, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాలి. "పెద్ద పనేం లేదండీ, కొంచెం సరిచేసి ఇస్తే చాలు" అన్నారు. ఆయన రాసింది ఇదీ:

> త్వరపడండి!!! కొన్ని మాత్రమే మిగిలాయి! ఈ రోజే ఆఖరు! మళ్లీ రాని అవకాశం. తర్వాత బాధపడి లాభం లేదు!

ఇలాంటివి నాకు నెలకు నాలుగైదు వస్తాయి. సరిచేయడానికి ముందు ఒక పని చేస్తాను. ప్రతి వాక్యం పక్కన "నిజమా?" అని రాసుకుని ఫోన్ చేస్తాను. ఆ రోజు ఫోన్ నలభై నిమిషాలు నడిచింది. క్యాప్షన్ రాయడానికి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

ఫోన్‌లో తేలినవి

అమ్మేది ల్యాప్‌టాప్ బ్యాగ్, పాత మోడల్. మూడు రంగులు: నలుపు, ఆకుపచ్చ, నీలం. తగ్గింపు 30 శాతం. సేల్ శుక్రవారం ఉదయం 10 నుంచి శనివారం రాత్రి 10 వరకు, అంటే 36 గంటలు. ఇక్కడే ఒక వాక్యం పడిపోయింది. "ఈ రోజే ఆఖరు" అనేది శుక్రవారం చదివినవాళ్లకు అబద్ధం. ఆయన దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. "శనివారం అదే పోస్ట్ మళ్లీ పెడతాం కదా, అప్పుడు నిజమవుతుంది" అన్నారు. శుక్రవారం నమ్మి కొన్నవాళ్లు శనివారం కూడా అదే పోస్ట్ చూస్తారు కదా అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

30 శాతం ఏ ధర మీద అని కూడా అడిగాను. గురువారం దాకా నిజంగా ఏ ధరకు అమ్మారో దాని మీదే అన్నారు. కాబట్టి దాని జోలికి వెళ్లలేదు. కొందరు సేల్‌కు వారం ముందు ధర పెంచి, దాని మీద తగ్గింపు చూపిస్తారు. అప్పుడు క్యాప్షన్‌ను ఎంత నిజాయితీగా రాసినా పునాదే వంకర.

తర్వాత స్టాక్. సైట్ వెనకాల లెక్కలో 214 ఉన్నాయి. "కొన్ని మాత్రమే" అని ఎలా అన్నారని అడిగితే, "అదొక మాటండీ, అందరూ రాసేదే" అన్నారు. ఆ 214 కూడా అసలు సంఖ్య కాదని నాకు అనుమానం. ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న స్టాక్, అలమారాలో ఉన్న స్టాక్ ఎప్పుడూ ఒకటి కావు. ఒకసారి లెక్కపెట్టించమన్నాను. సాయంత్రానికి తేలింది: 14 నల్ల బ్యాగులు ఒక ఆఫీసు ఆర్డర్ కోసం విడిగా కట్టి ఉన్నాయి, ఇంకో 9 శాంపిళ్లు, జిప్పు పోయినవీ. అమ్మగలిగినవి 191. నలుపు 104, ఆకుపచ్చ 60, నీలం 27.

ఇక చివరి ప్రశ్న. నేను దీన్నే అన్నిటికంటే ముఖ్యమనుకుంటాను: శనివారం రాత్రి 10 దాటాక కొనేవాడికి ఏం దొరకదు?

ఆయన జవాబు చాలా సహజంగా వచ్చింది. "మిగిలితే వచ్చే వారం మళ్లీ పెడదాం. 20 శాతం కాకపోతే మళ్లీ 30 శాతం తగ్గింపు మీదే."

అయితే శనివారం రాత్రి 10 గంటలకు జరిగేది ఏమీ లేదు. గడియారంలో ముల్లు కదలడం తప్ప. అలాంటప్పుడు తొందరపెట్టే వాక్యం ఒక్కటి కూడా రాయలేను, ఎంత మృదువుగా రాసినా. గడువు అనేది క్యాప్షన్ రాసేవాళ్లు తయారుచేసే వస్తువు కాదు. ఆ గంట దాటాక ధరో, వస్తువో, షరతో నిజంగా మారాలి. అది మారుతుందని యజమాని మాట ఇవ్వాలి. ఆ మాట క్యాప్షన్ కంటే ముందు రావాలి.

మేం తేల్చుకున్నది ఇది. శనివారం రాత్రి 10 తర్వాత మిగిలినవి మామూలు ధరకే అమ్ముతారు. కనీసం ఆరు వారాలు వాటి మీద ఏ తగ్గింపూ ఉండదు. ఆ తర్వాత ఏం చేస్తారో ఇప్పుడే చెప్పలేరు కాబట్టి "మళ్లీ రాదు" అన్న మాట క్యాప్షన్‌లో ఉండదు. ఆరు వారాలకు ఆయన ఒప్పుకోవడానికి కాస్త సమయం పట్టింది. ఒప్పుకున్నాక ఆయనే అన్నారు: సోమవారం కొత్త మోడల్ పెట్టెలు వస్తున్నాయి, వాటికి గోడౌన్‌లో చోటు కావాలి, పాత మోడల్ ఇక కుట్టించడం లేదు అని. ఇంత మంచి కారణం చేతిలో ఉండి కూడా క్యాప్షన్‌లో దాని ఊసే లేదు.

సైట్‌లో దొరికిన ఇంకో అబద్ధం

క్యాప్షన్ చదివి లింక్ నొక్కినవాళ్లు చేరేది ప్రొడక్ట్ పేజీకి. నేను అదీ తెరిచి చూశాను. బ్యాగ్ బొమ్మ కింద ఎర్ర అక్షరాలతో "5 మాత్రమే మిగిలాయి" అని ఉంది. పేజీని మళ్లీ లోడ్ చేస్తే 3 అయింది. ఇంకోసారి చేస్తే 7. అమ్ముడుపోతున్న స్టాక్ తగ్గాలి గానీ పెరగకూడదు. సైట్ చూసుకునే అబ్బాయిని అడిగితే, ఎప్పుడో పెట్టిన ప్లగిన్ అని, అందులో ఉన్నది ఇంతేనని చూపించాడు:

```
const left = Math.floor(Math.random() * 5) + 3;
```

అంటే 3 నుంచి 7 మధ్య ఏదో ఒక అంకె. స్టాక్‌తో దానికి సంబంధమే లేదు. యజమానికి ఇది తెలియదు, నిజంగానే తెలియదు. సైట్ పెట్టించినప్పుడు ఎవరో "ఇది ఉంటే అమ్మకాలు పెరుగుతాయి" అని తగిలించారు. ఇది ఈయన ఒక్కరి గొడవ కాదు. 2019లో ప్రిన్స్‌టన్ పరిశోధకుల బృందం సుమారు 11 వేల షాపింగ్ సైట్లను కంప్యూటర్‌తో జల్లెడ పట్టింది. ఇలా పేజీ కోడ్‌లోనే పుట్టించిన అంకెలు, సున్నాకు చేరాక కూడా ఆఫర్ అలాగే ఉండే కౌంట్‌డౌన్ టైమర్లు వాళ్లకు దొరికాయి.

కొనేవాళ్లు కూడా దీన్ని పట్టుకోవడం కష్టమేం కాదు. పేజీని ప్రైవేట్ విండోలో తెరిస్తే టైమర్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందా, అంకె మారుతుందా అని చూస్తే చాలు. పట్టుకున్నవాళ్లు కామెంట్లలో స్క్రీన్‌షాట్ పెడతారు. అప్పుడు క్యాప్షన్‌లో నిజంగా లెక్కపెట్టి రాసిన 27 కూడా అబద్ధమే అనిపిస్తుంది. అందుకే ఆ ప్లగిన్ తీసేస్తేనే నేను అంకెలు రాస్తానని చెప్పాను. ఆ రాత్రే తీసేశారు.

"అందరూ చేసేదే" అన్న మాట ఆయన ఆ రోజు మూడుసార్లు అన్నారు. చట్టం సంగతి ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను. డార్క్ ప్యాటర్న్స్, అంటే కొనేవాళ్లను మాయచేసే ఆన్‌లైన్ పద్ధతుల మీద భారతదేశంలో 2023 నవంబరులో వచ్చిన మార్గదర్శకాల్లో 13 పద్ధతుల జాబితా ఉంది. అందులో మొదటిది కొనేవాళ్లను అబద్ధంతో తొందరపెట్టడమే. ఐరోపా సమాఖ్య 2005 నాటి ఆదేశంలో కూడా, కొద్దికాలమే దొరుకుతుందని అబద్ధం చెప్పి వెంటనే కొనిపించడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడని పనుల జాబితాలో ఉంది. ఆయనను కదిలించింది మాత్రం చట్టం కాదు, 5, 3, 7 అని మారిన ఆ అంకె.

రాయడం మొదలుపెట్టాక

ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్‌లో క్యాప్షన్ మొత్తం కనిపించదు. మొదటి రెండు లైన్లు కనిపించాక మిగతాది చూడాలంటే నొక్కాలి. ఇంగ్లిష్‌లో అయితే సుమారు 125 అక్షరాలని ఒక లెక్క చెబుతారు. తెలుగులో ఆ లెక్క పనికిరాదు. గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కలోకి వస్తాయి, పైగా మన అక్షరాలు వెడల్పు. అందుకని నేను లెక్కపెట్టను. క్యాప్షన్‌ను పోస్ట్‌కు పెట్టి ఫోన్‌లో చూసి, ఎక్కడ తెగిందో అక్కడికి ముందే వస్తువు, తగ్గింపు, గడువు మూడూ పడేలా సర్దుతాను. "త్వరపడండి" అన్న మాటకు ఆ రెండు లైన్లలో చోటివ్వడం దండగ. గడువు కనిపిస్తే తొందరపడాలో లేదో చదివేవాళ్లే నిర్ణయించుకుంటారు.

గడువు రాయడంలో చిన్న చిక్కు ఉంది. ఫీడ్ పోస్టులు పెట్టిన వరసలో కనిపించవు. శుక్రవారం పెట్టింది కొందరికి ఆదివారం ఎదురుపడుతుంది. కాబట్టి "ఈ రోజు", "రేపటి వరకు", "ఇంకా 36 గంటలే" అన్నవన్నీ కొందరికి అబద్ధాలుగా చేరతాయి, రాసినవాడు నిజమే రాసినా. వారం, తేదీ, గంట మూడూ ఉండాలి. "శనివారం అర్ధరాత్రి" అని కూడా రాయను. అది శుక్రవారం దాటిన అర్ధరాత్రా, శనివారం దాటినదా అని సగం మందికి అనుమానం వస్తుంది. రాత్రి 10 అంటే ఏ గొడవా లేదు. వేరే దేశాల నుంచి కొనేవాళ్లు ఉంటే ఏ దేశం సమయమో కూడా రాయాలి. ఈ సంస్థ బయటికి పంపదు కాబట్టి ఆ అవసరం రాలేదు.

తర్వాత అంకెల దగ్గర మా ఇద్దరికీ అసలు వాదన జరిగింది. నేను మూడు రంగుల లెక్కా రాద్దామన్నాను. ఆయన ససేమిరా అన్నారు. "104 ఉన్నాయని చెబితే ఎవరు తొందరపడతారండీ? నీలం 27 అని మాత్రం రాయండి, బాగుంటుంది."

ఆయన మాటలో ఒక పాయింట్ ఉంది. నీలం 27 అనేది నిజం. కానీ ఆ ఒక్కటే రాస్తే, హడావుడిగా చదివేవాడు బ్యాగులే 27 ఉన్నాయనుకుంటాడు. నలుపు కొనేవాడు కూడా అదే భయంతో కొంటాడు. ఒక్కో వాక్యం నిజమే అయినా మొత్తం కలిపి అబద్ధం చెప్పే పద్ధతి ఇది. నాకు పచ్చి అబద్ధం కంటే ఇదే ఎక్కువ కనిపిస్తుంది. దీనికి చెల్లెలు లాంటిది ఇంకోటుంది: గోడౌన్‌లో 300 పెట్టుకుని సైట్‌లో 20 మాత్రమే ఎక్కించి "20 మాత్రమే" అనడం. తగ్గింపు ధరను కొద్దిమందికే ఇవ్వాలనుకోవడంలో తప్పు లేదు. అప్పుడు "ఈ ధర మొదటి 20 ఆర్డర్లకు, తర్వాత మామూలు ధర" అని షరతును షరతుగా చెప్పాలి. వస్తువే కరవైనట్టు చెప్పకూడదు.

ఆఖరికి నేను ఇంకో అడుగు ముందుకు వేశాను. నీలానికి కొరత ఉందని చెప్పి, మిగతా రెండిటికీ లేదని కూడా చెబుదామన్నాను. తొందర లేదని చెప్పే వాక్యం సేల్ క్యాప్షన్‌లోనా అని ఆయన నవ్వారు. కానీ ఆ వాక్యమే 27ను నమ్మిస్తుంది. అమ్మేవాడు ఒకచోట "ఇక్కడ తొందరేం లేదు" అంటే, ఇంకోచోట "ఇక్కడ తక్కువ ఉన్నాయి" అన్నప్పుడు జనం వింటారు. అయితే దాన్నీ జాగ్రత్తగా రాయాలి. "శనివారం దాకా దొరుకుతాయి" అని హామీ ఇస్తే, అనుకోకుండా నలుపు అయిపోతే అదో అబద్ధం అవుతుంది. లెక్కపెట్టిన సమయం రాసి, ఆ సమయానికి ఉన్నది చెప్పి వదిలేయాలి.

శుక్రవారం ఉదయం పెట్టిన క్యాప్షన్ ఇదీ:

> పాత మోడల్ ల్యాప్‌టాప్ బ్యాగ్ మీద 30 శాతం తగ్గింపు. శనివారం, 14వ తేదీ, రాత్రి 10 వరకు.
>
> సోమవారం కొత్త మోడల్ వస్తోంది. గోడౌన్‌లో దానికి చోటు కావాలి, అందుకే ఈ సేల్. ఈ పాత మోడల్ ఇక కుట్టించడం లేదు.
>
> శుక్రవారం ఉదయం 9కి లెక్కపెడితే నీలం 27 ఉన్నాయి. నీలమే కావాలంటే ముందే చూసుకోండి. నలుపు 104, ఆకుపచ్చ 60 ఉన్నాయి, వాటికి ఇప్పటికైతే కొరత లేదు.
>
> శనివారం రాత్రి 10 తర్వాత మిగిలినవి మామూలు ధరకే అమ్ముతాం.
>
> 15 అంగుళాల ల్యాప్‌టాప్ పడుతుంది. 17 అంగుళాలది పట్టదు. లింక్ ప్రొఫైల్‌లో ఉంది.

చివరి పేరాలో 17 అంగుళాలది పట్టదన్న మాట ఆయన తీసేయమన్నారు. నేను ఉంచాను. తొందరలో కొన్నవాళ్లు ఎక్కువగా వెనక్కి పంపేది ఇలాంటి కారణాలకే. గడువు పెట్టి తొందరపెడుతున్నప్పుడు కొనకూడనివాళ్లెవరో కూడా మనమే చెప్పాలి, ఎందుకంటే ఆలోచించుకునే సమయాన్ని మనమే తగ్గించాం. క్యాప్షన్‌లో లింక్ అతికించినా నొక్కడానికి వీలుండదు కాబట్టి అది ప్రొఫైల్‌లోకి వెళ్లింది.

శుక్రవారం సాయంత్రం

నిజం రాశాం కదా, ఇక చూసుకోనక్కర్లేదు అనుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

సాయంత్రం 6:40కి నీలం అయిపోయింది. పోస్ట్‌లో ఇంకా 27 అనే ఉంది. ఏడు గంటలకు మొదటి కామెంట్: "సైట్‌లో నీలమే లేదు, ఎర వేయడానికి రాశారా?" నిజానికి లెక్కపెట్టిన సమయం క్యాప్షన్‌లోనే ఉంది. కానీ జనం అంత వివరంగా చదవరు, చదవాలని కోరడం కూడా న్యాయం కాదు. 7:10కి క్యాప్షన్ ఎడిట్ చేసి, "నీలం శుక్రవారం సాయంత్రం 6:40కి అయిపోయింది" అని మార్చాం. ఆ కామెంట్ తీసేయలేదు. కిందే జవాబు రాశాం.

అసలు ఇబ్బంది ఎనిమిదిన్నరకు వచ్చింది. సైట్‌లో నీలం మళ్లీ కనిపించింది, 4 బ్యాగులు. డబ్బు కట్టడం మధ్యలో ఆగిపోయిన ఆర్డర్లు కొన్ని, కొనేవాళ్లే రద్దు చేసినవి కొన్ని, సాఫ్ట్‌వేర్ వాటిని తిరిగి స్టాక్‌లో కలిపేసింది. అది దాని మామూలు పని. బయట నుంచి చూసేవాళ్లకు మాత్రం అయిపోయిందన్న సరుకు రెండు గంటల్లో ఊడిపడినట్టు ఉంటుంది. దొంగ కొరత ఎలా ఉంటుందో అచ్చం అలాగే. ఒకాయన రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి "అయిపోయాయన్నారు, ఇవెక్కడివి?" అని అడిగాడు. తప్పు పట్టడానికి లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేవాణ్ని.

జవాబులో ఉన్నదున్నట్టు రాశాం: నాలుగు ఆర్డర్లు రద్దయ్యాయి, ఆ బ్యాగులే మళ్లీ సైట్‌లోకి వచ్చాయి, వాటిని సైట్ నుంచి తీసేసి, నీలం కావాలని ముందుగా కామెంట్ చేసినవాళ్లకు వరసగా మెసేజ్ చేస్తున్నాం అని. అలాగే చేశాం. మూడు వెళ్లిపోయాయి, నాలుగోది మర్నాడు పొద్దున వెళ్లింది. ఇప్పుడు ఏ సేల్‌కైనా ముందు రోజే రెండు ఏర్పాట్లు చేయిస్తున్నాను. తక్కువ ఉన్న రకానికి రద్దైన ఆర్డర్లు తమంతట తామే స్టాక్‌లోకి రాకుండా ఆపించడం ఒకటి, అది కావాలనేవాళ్లు పేరు రాసుకునే చోటు ఒకటి. అంకె రాయాలంటే దాన్ని గంటగంటకు చూసే మనిషి ఉండాలి. లేకపోతే అంకెలు రాయకుండా గడువు ఒక్కటే రాయడం మంచిది. గడువు తనంతట తాను తప్పు అవదు, అంకె అవుతుంది.

శనివారం

సాయంత్రం నాలుగింటికి స్టోరీలో గుర్తుచేద్దామన్నారు. ఆయన రాసింది "ఇంకా 6 గంటలే!" స్టోరీ 24 గంటలు ఉంటుంది. దాన్ని రాత్రి 8కి చూసినవాళ్లకు ఉన్నది రెండు గంటలు, ఆదివారం పొద్దున చూసినవాళ్లకు సేలే లేదు. "ఈ రాత్రి 10కి ముగుస్తుంది, 14వ తేదీ" అని రాసి, ఇన్‌స్టాగ్రామ్ స్టోరీల్లో ఉండే కౌంట్‌డౌన్ స్టిక్కర్‌ను అదే సమయానికి పెట్టాం. ఆ స్టిక్కర్ అందరికీ ఒకే సమయం చూపిస్తుంది, ఒక్కో మనిషికి విడిగా మొదలవదు. రాత్రి 10 కాగానే స్టోరీ తీసేయాలని ఒకరికి పని అప్పగించాం.

తొమ్మిదింటికి లెక్క చూస్తే నలుపు 46, ఆకుపచ్చ 40 మిగిలి ఉన్నాయి. ఆయన ఫోన్ చేశారు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. "సోమవారం పెట్టెలొచ్చేస్తాయి. ఆదివారం రాత్రి దాకా పొడిగిద్దామండీ. 'భారీ స్పందన వల్ల పొడిగించాం' అని పెడదాం."

భారీ స్పందన ఉంటే 86 బ్యాగులు ఎందుకు మిగిలాయి? అసలు సమస్య ఆ మాట కాదు. శుక్రవారం, శనివారం కొన్నవాళ్లలో కొందరు గడువు చూసి కొన్నారు. పొడిగిస్తే వాళ్లు పడిన తొందర అనవసరమని తేలిపోతుంది, పైగా వాళ్లు ఆ పోస్ట్ చూస్తారు. వచ్చేసారి గడువు రాస్తే ఎలాగూ పొడిగిస్తారులే అనుకుంటారు. పొడిగించడం ఎప్పుడూ తప్పేనా అంటే కాదు. సైట్ ఒక గంట పనిచేయక కొనలేకపోతే, ఆ గంట చేర్చి, ఎందుకు చేర్చారో రాస్తే ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ అలాంటిదేమీ జరగలేదు. సరుకు మిగిలింది, అంతే.

ఆయన ఇష్టం లేకుండానే ఒప్పుకున్నారు. రాత్రి 10కి ధర మారింది. క్యాప్షన్ మొదటి లైను "ఈ సేల్ ముగిసింది, ఇప్పుడు మామూలు ధర" అని మార్చాం. మార్చకపోతే ఆదివారం ఫీడ్‌లో చూసినవాళ్లు లింక్ దాకా వెళ్లి మోసపోయామనుకుంటారు. మర్నాడు పదకొండు మంది ఇన్‌బాక్స్‌లో "ఒక్కటి ఆ ధరకే ఇవ్వండి" అని అడిగారు. 9:58కి డబ్బు కట్టి ఆర్డర్ నమోదు కాక ఇరుక్కుపోయిన ఒక్కరికే ఇచ్చారు. ఆ బ్యాగును శనివారం లెక్కలోనే వేశారు.

ఎంత అమ్ముడైంది

మొత్తం 112. నలుపు 63, ఆకుపచ్చ 22, నీలం మొత్తం 27. నలుపు 41, ఆకుపచ్చ 38 మిగిలాయి.

ఇదే సంస్థ కొన్ని నెలల ముందు వేరే బ్యాగు మీద పాత పద్ధతిలో, అంటే ఆశ్చర్యార్థకాలు, "కొన్ని మాత్రమే", ఎర్ర అంకెల ప్లగిన్ అన్నీ పెట్టి సేల్ చేసింది. అప్పుడు 140 ఆర్డర్లు వచ్చాయి. ఆ సంఖ్య ఆయన నాకు ఆదివారం గుర్తుచేశారు, కొంచెం దెప్పినట్టే. ఎన్ని నిలిచాయని అడిగాను. చూసి చెప్పారు: రద్దైనవి, వెనక్కి వచ్చినవి కలిపి 37. అంటే నిలిచినవి 103. ఈసారి 112లో నెల తిరిగేసరికి వెనక్కి వచ్చినవి 8, నిలిచినవి 104.

దీన్నిబట్టి నా క్యాప్షన్ గెలిచిందని నేను చెప్పను. బ్యాగు వేరు, తగ్గింపు వేరు, నెల వేరు. వెనక్కి తక్కువ రావడానికి గడువు రాసిన తీరు కంటే 17 అంగుళాల మాటే ఎక్కువ కారణం కావచ్చు. ఒకే బ్యాగును ఒకే రోజు రెండు క్యాప్షన్లతో సగం సగం మందికి చూపిస్తే గానీ తేలదు, మామూలు పోస్ట్‌తో అలా చేయడానికి వీల్లేదు. నాకు కనిపించిన తేడా ఇంకోచోట ఉంది. పోయినసారి కామెంట్లలో "నిజంగా ఎన్ని ఉన్నాయి?" అన్న ప్రశ్నే ఎక్కువ. ఈసారి నీలం గొడవ తీసేస్తే, అడిగినవన్నీ బ్యాగు గురించే: నీళ్లు లోపలికి వెళ్తాయా, పట్టీ సర్దుకోవచ్చా అని.

ఒక నష్టం మాత్రం స్పష్టంగా ఉంది, దాన్ని దాచడం బాగుండదు. 79 బ్యాగులు గోడౌన్‌లో చోటు తింటూ ఉండిపోయాయి. సోమవారం వచ్చిన పెట్టెల్లో కొన్నిటిని వరండాలో పేర్చారు. పొడిగించి ఉంటే ఆదివారం ఇంకో ఇరవై పోయేవేమో. ఆ ఖర్చు ఆయనది, సలహా నాది. అందుకే ఇప్పుడు సేల్ గడువు నిర్ణయించేటప్పుడే, మిగిలితే ఎక్కడ పెడతారని కూడా అడుగుతున్నాను. ఈ సేల్‌ను మొదటే ఆదివారం రాత్రి దాకా పెట్టి ఉంటే ఏ పేచీ ఉండేది కాదు. ఎక్కువ రోజులు పెడితే సేల్ చప్పబడుతుందని 36 గంటలు అనుకున్నారు, నేనూ కాదనలేదు.

ఆరు వారాలు గడిచాక ఆయన మళ్లీ ఒక క్యాప్షన్ పంపారు. ఆలోగా మామూలు ధరకు కొన్ని పోయాయి. మొదటి లైను ఇలా ఉంది: "పోయిన సేల్‌లో మిగిలిన ల్యాప్‌టాప్ బ్యాగులు 52 మాత్రమే, అదే 30 శాతం తగ్గింపుతో, ఆదివారం రాత్రి 10 వరకు." తేదీ లేదు, చేర్చాను. "మాత్రమే" తీసేశాను. 52 ఎక్కడి లెక్క అని అడిగితే సాఫ్ట్‌వేర్‌లోది అన్నారు. ఆగమని చెప్పి గోడౌన్‌కు వెళ్లి, పది నిమిషాల తర్వాత ఫోన్ చేశారు. మూడిటికి జిప్పు పోయిందట. 49 అని రాసి పోస్ట్ చేశాం.